అప్‌డేట్: పర్లాకిమిడి సైటుకు వచ్చిన 12 ఎం.ఎం. కడ్డీల సంగతి

నేను అడిగింది: "లారీలో వచ్చిన కడ్డీలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి, దించుకోవాలా, తిప్పి పంపాలా?"

మీరు చెప్పినట్టే ముందుగా వైరు బ్రష్షుతో రుద్ది చూశాము. చాలా కడ్డీల మీద గోధుమరంగు పొడి రాలిపోయి కింద గరుకైన ఇనుము నిండుగా కనిపించింది కాబట్టి, ఆ తుప్పును తప్పుపట్టలేదు. అదే పొరలుగా ఊడి, గుంతలు పడి, కడ్డీ మీది గట్లు అరిగి ఉంటే అక్కడితోనే నిరాకరించేవాళ్లం.

అసలు లోపం తూకంలో బయటపడింది. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది, 12 ఎం.ఎం.కు అది సుమారు 888 గ్రాములు. కడ్డీలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఈ సైజుకు ఒక్కో నమూనాలో 6 శాతం వరకే తరుగు చెల్లుతుంది, అంటే 835 గ్రాముల కంటే తగ్గకూడదు. మూడు వేర్వేరు కట్టల నుంచి సరిగ్గా మీటరు చొప్పున కోయించి, తుప్పు తుడిచి, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 812, 806, 815 గ్రాములు తూగాయి.

బిల్లు బరువు మీదే కదా, మీకు నష్టమేమిటని సరఫరాదారు వాదించారు. కానీ మేస్త్రీ కడ్డీలను లెక్కపెట్టి కడతాడు గనుక, స్లాబులో ఇనుమే తగ్గిపోతుంది. పైగా ఒక కట్టలోని కడ్డీల మీద తయారీదారు ముద్ర గానీ, Fe 500D అన్న గ్రేడు గానీ లేవు.

తూకాల ఫొటోలు తీసి, చలానా మీద కారణం రాసి లోడు మొత్తాన్ని తిప్పి పంపాము.