బిర్యానీలో ముక్క ఉడకలేదు, సర్వర్‌కి ఎలా చెప్పాలి?

కూకట్‌పల్లి వాసి: నిన్న మటన్ బిర్యానీలో ముక్క ఉడకలేదు. నేను మెల్లగా చెబుతుంటే మా బావమరిది సర్వర్ మీద అరిచాడు. బిల్లు తగ్గించారు గానీ నాకు తలకొట్టేసినట్టయింది. అరవకుండా పని జరగదా?

చింతచిగురు: జరగదు. మెల్లగా చెబితే "చూస్తా సార్" అని వెళ్లి మళ్లీ కనబడరు.

పాత కెప్టెన్: పన్నెండేళ్లు హోటళ్లలో చేశాను. ఆర్డర్ ఒకసారి వంటింట్లోకి వెళ్లాక బిల్లులోంచి తీసేసే అధికారం చాలాచోట్ల సర్వర్‌కి ఉండదు. కెప్టెనో మేనేజరో తీయాలి. రెండు ముద్దలకే ఆపేయండి, సగం ప్లేటు ఖాళీ అయ్యాక ఎవరూ నమ్మరు. ముక్క విడదీసి పక్కన పెట్టి, "తమ్ముడూ, ఎముక దగ్గర ఇంకా పచ్చిగా ఉంది చూడు, కెప్టెన్‌ని పిలుస్తావా?" అనండి, చాలు. ఇంకో ప్లేటు మాత్రం అడక్కండి. పచ్చి మాంసంతో దమ్ వేసిన బిర్యానీ అయితే రెండోదీ ఆ హండీలోదే వస్తుంది. తీసేయమని, బదులుగా ఏం కావాలో అప్పుడే చెప్పండి.

రూల్స్ రాజు: ఇంత దేనికి? సర్వీస్ ఛార్జీ కట్టకండి. అది తప్పనిసరి కాదని 2022 జులైలోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది.

పాత కెప్టెన్: నిజమే. కానీ దాంతో ముక్క ఉడకదు కదండీ. రెండూ కలిపితే మేనేజర్ ఛార్జీ గురించే వాదించి మటన్ సంగతి దాటేస్తాడు.

పట్టుకుచ్చు: నా చీర రంగు పోయింది, షాపువాళ్లు మార్చనంటున్నారు. ఇదే పద్ధతా?

చింతచిగురు: కెప్టెన్ గారూ, మీరు హోటల్ మనిషి గనక నోరు మూసుకోమనే చెబుతారు. నాకు ఒకసారి పులిసిన పెరుగు పెట్టి, మర్యాదగా అడిగితే నవ్వారు. నా పిల్లల ముందు!

సామర్లకోట అమ్మ: మా అబ్బాయి సర్వరే. పోయిన నెల ఒకాయన చాలా మర్యాదగా ప్లేటు తిప్పి పంపాడు, థాంక్స్ కూడా చెప్పాడు. ఆ డబ్బు మా వాడి జీతంలో కోశారు. మీ మర్యాద ఎవరి కోసమో చెప్పండి.

చింతచిగురు: అది ఓనర్ తప్పు, నాది కాదు.

సామర్లకోట అమ్మ: మీరు అరిచేది ఓనర్ మీద కాదుగా!

పాత కెప్టెన్: కొన్నిచోట్ల కోస్తారమ్మా. నేనూ రెండుసార్లు కోశాను. అందుకే కెప్టెన్ రాగానే, ఆ అబ్బాయి పక్కనుండగానే, "ఇది వంటింటి పొరపాటు, ఇతను వెంటనే మిమ్మల్ని పిలిచాడు" అనమంటాను. అలా నలుగురిలో అన్నాక అతని పేరున రాయడానికి చెయ్యి రాదు. ఎప్పుడూ పనిచేస్తుందని చెప్పలేను.

సామర్లకోట అమ్మ: మీరు కోసినప్పుడు ఎవరూ అలా అనలేదా?

పాత కెప్టెన్: ఒకాయన అన్నాడు. అయినా కోశాను.