వందల అప్లికేషన్లకు ఆటోమేటిక్ జవాబులో ఏం రాయాలి?

చిరువ్యాపారి: మాది చిన్న కంపెనీ. ఒక్క అకౌంటెంట్ పోస్టుకు 300 దాకా మెయిళ్లు వచ్చేలా ఉన్నాయి. దానంతటదే వెళ్ళే జవాబు పెడుతున్నాను. ఎప్పటిలోగా తేలుతుందో చెప్పాలి, అందరికీ జవాబిస్తామని మాత్రం మాట ఇవ్వకూడదు. ఎలా రాయాలి?

పద్మ_హెచ్ఆర్: "రెండు వారాల్లో" అని రాయకండి. 1న పంపినవాళ్ళు 15 నుంచే ఫోన్లు మొదలుపెడతారు. తేదీ వేయండి, అదీ గడువు ముగిసిన రోజు నుంచి లెక్కగట్టి. ఆగస్టు 10 ఆఖరు అనుకోండి. రోజుకు 40 చదివితే ఎనిమిది పనిదినాలు, మధ్యలో 15 సెలవు. కాస్త ఎక్కువే వేసుకుని 27 పెట్టండి. ఇలా రాయొచ్చు:

"మీ అప్లికేషన్ అందింది. ఆగస్టు 10 తర్వాత అన్నీ చదువుతాం. ఇంటర్వ్యూకు పిలిచేవారికి 27లోపు ఫోన్ చేస్తాం. అప్పటికి ఫోన్ రాకపోతే ఈసారి ఎంపిక కాలేదని అనుకోండి. అందరికీ విడిగా జవాబు రాయలేం. ఏ దశలోనూ మేం డబ్బు అడగం."

ఆఖరి వాక్యం తీసేయకండి. ఉద్యోగాల పేరుతో మోసాలు చూస్తూనే ఉన్నాం.

ఓరుగల్లు_కుర్రాడు: రాకపోతే లేదనుకోవాలా? ఇదేం మర్యాద? బీసీసీలో అందరికీ ఒక్క మెయిల్ కొడితే సరిపోదా? నన్ను ఒక కంపెనీ ఇలాగే నెలన్నర వేలాడదీసింది.

పద్మ_హెచ్ఆర్: కొట్టగలిగితే కొట్టమనండి, వద్దనను. కానీ ముందే మాటిచ్చి తప్పితే ఇంకా కోపం వస్తుంది. బీసీసీ బదులు పొరపాటున టూ గడిలో పెడితే 300 మంది అడ్రసులూ అందరికీ కనిపిస్తాయి, అది వేరే తలనొప్పి.

లక్ష్మి77: గ్రూప్ 2కి అప్లై చేశాను, మెసేజ్ రాలేదు. మళ్ళీ కట్టాలా ఫీజు?

నెట్‌బాబాయ్: అమ్మా, ఇది ఆ చర్చ కాదు. చిరువ్యాపారి గారూ, జీమెయిల్ వెకేషన్ రెస్పాండర్ వాడుతుంటే అప్లికేషన్లకు వేరే అడ్రస్ పెట్టండి. లేకపోతే మీకు సరుకు వేసేవాళ్ళకీ "ఎంపిక కాలేదనుకోండి" అని వెళ్తుంది 😀. ఇంకోటి, అదే మనిషి మర్నాడు సర్టిఫికెట్లు పంపితే మళ్ళీ జవాబు వెళ్ళదు, నాలుగు రోజులు దాటాలి. అందలేదేమోనని వాళ్ళు కంగారుపడతారు.

ఓరుగల్లు_కుర్రాడు: అందరూ సాఫ్ట్‌వేర్ గురించే! సెలవు పెట్టుకుని రెండు రౌండ్లు వెళ్ళాను. జీతం కూడా మాట్లాడారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. మీ హెచ్ఆర్లంతా ఇంతే.

పద్మ_హెచ్ఆర్: ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా బాబూ! ఇంటర్వ్యూకు వచ్చిన మనిషికి ఫోన్ చేసి చెప్పి తీరాలి. ఈ మెయిల్ రెజ్యూమె పంపినవాళ్ళకే.

ఓరుగల్లు_కుర్రాడు: మీరు రాసినదాంట్లో ఆ మాట ఎక్కడుందండీ?

చిరువ్యాపారి: నిజమే, లేదు. "ఇంటర్వ్యూకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫలితం చెబుతాం" అని కలుపుతాను, పదిమందే కదా. కానీ ఎంపికైన మనిషి నోటీస్ పీరియడ్ అయ్యాక రాకపోతే రెండో మనిషి కావాలి. ఆయనకు "లేదు" అని ఎప్పుడు చెప్పాలి?

పద్మ_హెచ్ఆర్: ఒకరు చేరేదాకా నేనైతే చెప్పను.

ఓరుగల్లు_కుర్రాడు: ఆ రెండో మనిషిని నేనే అయ్యుంటాను.