జిమ్‌కి ఆరోగ్యం కోసం వెళ్తున్నానా, అద్దం కోసమా?

నాకు 23 ఏళ్లు. రెండేళ్ల క్రితం నడుం నొప్పి తగ్గాలని జిమ్‌లో చేరాను. ఆరు నెలల్లో నొప్పి పోయింది. డెడ్‌లిఫ్ట్ 40 కిలోల నుంచి 110కి వచ్చింది. అక్కడితో సంతోషపడాల్సింది కదా!

ఇప్పుడేమో సెట్ అవగానే, కండ ఉబ్బి ఉన్నప్పుడే ఫొటో తీసుకుంటున్నాను. అది రక్తం చేరి వచ్చే ఉబ్బు, కాసేపటికి దిగిపోతుందని తెలుసు. అయినా ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని, చేతులు సన్నబడ్డాయనిపించి ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటాను. జిమ్‌లో పక్కనున్న అతని భుజాలతో పోలిక సరేసరి (అతను ఎనిమిదేళ్లుగా చేస్తున్నాడట).

పోయిన నెల భుజం పట్టేస్తే ఫిజియో రెండు వారాలు ఆపమన్నారు. మూడో రోజే వెళ్లి బెంచ్ ప్రెస్ చేశాను. నొప్పి పెరిగింది. ఫ్రెండ్ పుట్టినరోజుకీ వెళ్లలేదు, అక్కడి తిండిలో ప్రొటీన్ ఎంతో తెలియదని.

మజిల్ డిస్‌మార్ఫియా గురించి చదివాను. కండలున్నా సన్నగా ఉన్నామనే దిగులు వదలదట. నాది అదేనా, ఉత్త పట్టుదలేనా? దీన్ని దాటినవాళ్లుంటే చెప్పండి, తేడా మీకెక్కడ తెలిసింది? సైకాలజిస్ట్‌ని కలిస్తే ముందుగా ఏం అడిగారు?