పెళ్లి పట్టుచీర చేనేతదో మరమగ్గందో, జరీ అసలుదో కాదో కొనేవారే తేల్చుకోగలరా?

హిందూపురం అమ్మ: మా అమ్మాయి పెళ్లికి ధర్మవరంలో ఒక కుప్పడం పట్టుచీర చూశాను. మధ్యభాగం ఆకుపచ్చ, అంచు ముదురు ఎరుపు, ధర 28,000. చేనేత అనీ, వెండి జరీ అనీ దుకాణంవారు చెబుతున్నారు. కాసేపు కూర్చుని నేనే చూసి తేల్చుకోగలనా, లేక ముద్రలను నమ్మడం తప్ప దారి లేదా?

మధురవాడ పాఠకుడు: తప్పకుండా తేల్చుకోవచ్చు, దీనికి ముద్రలతో పని లేదు. చీర రెండు అంచుల చివర సూదిమొనలతో గుచ్చినట్టు చిన్న రంధ్రాలు కనిపిస్తే అది చేతిమగ్గం మీద నేసినదే, ఎందుకంటే నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకుపోకుండా సాగదీసి పట్టే కర్రకు మొనలుంటాయి. ఇక జరీ పోగును కొద్దిగా గీకి చూడండి, లోపల ఎర్ర దారం ఉంటే అసలు జరీ, తెల్ల దారం ఉంటే నకిలీ. మా ఇంట్లో రెండు తరాలుగా ఇలాగే చూసి కొంటున్నాం, ఇంతవరకు మోసపోలేదు.

మగ్గంగుంట: మోసపోలేదని మీకు ఎలా తెలిసిందని అడగాలనిపిస్తోంది, కోపం తెచ్చుకోకండి. మాది ధర్మవరమే, మా నాన్నగారు గుంటమగ్గం మీద నేశారు, నేను నేతా చేశాను, వ్యాపారమూ చేశాను. రంధ్రాల విషయంలో మీరు సగం చెప్పారు. మరమగ్గంలో కూడా బట్టను రెండు వైపులా సాగదీయడానికి మొనలున్న చక్రాలు ఉంటాయి, అవీ రంధ్రాలు వేస్తాయి. తేడా ఏమిటంటే, చేతిమగ్గం మీద నేతగాడు కొంత నేసిన తరువాత కర్రను ముందుకు జరుపుకుంటాడు కాబట్టి రంధ్రాలు కొంత ఎడం ఇచ్చి గుంపులుగా కనిపిస్తాయి, మరమగ్గంలో చక్రం బట్టతో పాటు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అవి ఎడం లేకుండా వరసగా సాగుతాయి. అందువల్ల రంధ్రాలు ఉన్నాయా అని కాక ఎలా ఉన్నాయని చూడాలి. అయినా ఇస్త్రీ చేసి మెరుగు పెట్టిన చీరలో అవి సరిగ్గా కనిపించవు గనుక ఒక్క ఆ గుర్తు మీద 28,000 పెట్టమని నేను చెప్పను.

అమ్మా, మీరు అడిగింది కుప్పడం చీర గురించి కాబట్టి మీకు ఒక మంచి ఆధారం ఉంది. అడ్డదారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు మోసేది నాడె, ఆ అడ్డదారం పేక, నిలువు దారం పడుగు. కుప్పడంలో మధ్యభాగానికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు నాడెలు నడుస్తాయి. ఆకుపచ్చ పేక అంచు దాకా వచ్చి, అక్కడ ఎర్ర పేకతో మెలిపడి వెనక్కి తిరుగుతుంది, అంటే ఆకుపచ్చ దారం అంచులోకి వెళ్లదు. ఈ మెలిక కోసమే పక్కన మరొక మనిషి కూర్చుని నాడె అందించడం పాత పద్ధతి. దీన్ని అనుకరించే మరమగ్గం చీరలో సాధారణంగా ఒకే ఆకుపచ్చ పేక ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళుతుంది, పైకి మాత్రం అంచులోని ఎర్ర పడుగు దారాలు దట్టంగా కప్పడం వల్ల ఎర్రగా కనిపిస్తుంది. కాబట్టి పైవైపు చూడడం మాని, అంచును తిరగేసి వెనుకవైపు వెలుతురులో చూడండి. వెనుక కూడా శుద్ధమైన ఎరుపు ఉండి, రెండు రంగులు కలిసే చోట సన్నని గీతలా దారాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని కనిపిస్తే అది కుప్పడమే. వెనుక ఎరుపులో పచ్చ ఛాయ కొడుతుంటే కుప్పడం కాదు.

అయితే కుప్పడం కాదు అన్నంత మాత్రాన మరమగ్గమని తేలిపోదు. మధ్య పేకనే అంచులోకి పంపి నేసే చేతిమగ్గం చీరలు ఎన్నో ఉన్నాయి. ఆ పరీక్షలో ఓడితే దుకాణదారు కుప్పడమని చెప్పిన మాట అబద్ధమైంది, అంతే. అంచు, మధ్యభాగం ఒకే రంగులో ఉండి, జకార్డు అనే డిజైను పరికరంతో నేసిన చీరను నా ముందు పెడితే నేను కూడా కేవలం చూసి ఒట్టేసి చెప్పను.

డాలస్ కోడలు: మా అత్తగారు పెళ్లికి పెట్టిన చీర జరీ పదేళ్లలో నల్లబడిపోయింది. వెండి జరీ అని చెప్పి అమ్మినది నకిలీ అయిందని మా ఇంట్లో ఇప్పటికీ మాట పడుతున్నాను. నల్లబడకుండా ఉండాలంటే ఏ పెట్టెలో దాచాలో చెప్పగలరా? చీరను ఇక్కడికి తెచ్చుకున్నాను, పాత జరీ కొనేవాళ్లు కూడా ఇక్కడ దొరకరు.

మగ్గంగుంట: అమ్మా, ఇక్కడ అడిగింది కొనే ముందు చూసుకోవడం గురించి, అయినా మీ మాట దానికి పనికొస్తుంది. నల్లబడితే నకిలీ అనుకోవడం తలకిందులైన మాట. వెండి గాలిలోని గంధకానికి నల్లబడుతుంది, ఆ పైన ఉండే బంగారు పూత చాలా పలచన కాబట్టి అది ఆపలేదు. రాగి జరీ కూడా మసకబారుతుంది, కొన్నిసార్లు ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఎన్నేళ్లయినా అమ్మిన నాటి మెరుపుతోనే ఉండేది ప్లాస్టిక్ పొర మీద లోహపు మెరుగు పూసిన జరీ. కాబట్టి మీ అత్తగారు మోసపోయి ఉండకపోవచ్చు. నూలు గుడ్డలో చుట్టి, మధ్య మధ్య మడతలు మార్చండి, అత్తరు, కలరా ఉండలు నేరుగా జరీకి తగలనివ్వకండి.

ఎర్ర దారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అసలు జరీ లోపల పట్టుదారం ఉంటుంది, దానికి ఎరుపో పసుపో రంగు వేస్తారు. ఆ సంగతి నకిలీ జరీ చేసేవారికి మనకంటే బాగా తెలుసు, అందుకే వారు నూలు దారానికో పాలిస్టర్ దారానికో అదే ఎరుపు వేస్తారు. లోపలి దారాన్ని కాదు, పైన చుట్టిన తీగను పరీక్షించాలి. విడిపోగు దొరికితే నిప్పు చూపండి, ప్లాస్టిక్ అయితే ముడుచుకుని గట్టి ఉండ కడుతుంది, లోహమైతే దారం కాలిపోయి చుట్టు చుట్టుగా తీగ మిగులుతుంది. ఆ మిగిలిన తీగ వెండా, వెండి పూసిన రాగా అన్నది నిప్పు చెప్పదు.

లెక్కలమాస్టారు: నాకు నేత తెలియదు, లెక్క తెలుసు. చీర 700 గ్రాములు తూగిందని, అందులో 200 గ్రాములు జరీ అని, ఆ జరీలో 40 శాతం వెండి అని దుకాణదారు చెప్పాడనుకుందాం. అంటే 80 గ్రాముల వెండి. గ్రాము 150 రూపాయలని ఊహించి లెక్కిస్తే వెండి ఒక్కటే 12,000. మిగిలిన 500 గ్రాముల పట్టు కిలో 6,000 చొప్పున 3,000. నేత కూలి 6,000, రంగు, పడుగు పని, డిజైను కలిపి 1,000 అనుకున్నా మొత్తం 22,000 అవుతుంది. ఆ పైన దుకాణం ఖర్చులు, లాభం కలిపి 28,000కు అమ్మడం సాధ్యమే. అంటే ఈ ధర నిజాన్ని రుజువు చేయదు, అబద్ధాన్నీ పట్టివ్వదు. కానీ ఇదే మాట చెప్పి ఎవరైనా 9,000కు చీర ఇస్తానంటే, వెండికే 12,000 అవుతుంటే ఆయన మీకు పెళ్లికానుక ఇస్తున్నాడన్నమాట. వెండి ధర రోజూ మారుతుంది గనుక కొనే రోజు ధరతో మీరే మళ్లీ వేసుకోండి.

చట్టంపక్షం: ఇంత గీకడం, కాల్చడం ఎందుకు? చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన చట్టం 1985లో వచ్చింది, 1993లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. సిల్క్ మార్క్ ఉంది, హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. రెండూ ఉన్న చీర కొనండి, లేకపోతే లేచి రండి. సామాన్యులు నాడెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలనడం అన్యాయం.

మగ్గంగుంట: ముద్ర అడగాలన్న మాటకు నేను అడ్డు చెప్పను, కానీ ఏ ముద్ర ఏ ప్రశ్నకు జవాబో చూసుకోవాలి. సిల్క్ మార్క్ పట్టు శుద్ధమైనదని చెబుతుంది, మరమగ్గం మీద నేసిన శుద్ధమైన పట్టుకు కూడా అది రావచ్చు. హ్యాండ్లూమ్ మార్క్ చేతిమగ్గమని చెబుతుంది. జరీలో వెండి ఎంతో ఈ రెండింటిలో ఏదీ చెప్పదు, కొనేవారు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది అక్కడే. చట్టం ఉన్నా, చేనేతకు ప్రత్యేకించిన చీరలను మరమగ్గాల మీద నేస్తూనే ఉన్నారు, నేతన్నలు ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు.

జరీకి గట్టి దారి నగల దుకాణాల్లో బంగారం స్వచ్ఛత చూసే యంత్రం. దాని కింద జరీ దట్టంగా ఉన్న చోట, వీలైతే రెండు మూడు మడతలు వేసి పెట్టించండి, చీరను కత్తిరించనక్కర లేదు. ఒక మెలకువ మరచిపోవద్దు. ఆ యంత్రం లోహాలనే చూస్తుంది, లోపలి పట్టుదారాన్ని లెక్కలోకి తీసుకోదు. దారంతో కలిపి 40 శాతం వెండి అన్న జరీలో దారం దాదాపు పావు వంతు ఉంటుంది కాబట్టి యంత్రం మీద వెండి సుమారు 50 శాతం పైన చూపాలి. 40 చూపిందని సంతోషించి రాకండి. బంగారం ఒక శాతం లోపే ఉంటుంది, దాని గురించి దిగులు పడకండి.

హిందూపురం అమ్మ: నిన్న మళ్లీ వెళ్లాను. అంచు తిరగేసి చూస్తే వెనుక కూడా శుద్ధమైన ఎరుపే, కలిసే చోట మెలిక గీత స్పష్టంగా కనిపించింది. బుటాల వెనుక మాత్రం దారాలు కత్తిరించి ఉన్నాయి, అది నాకు అనుమానం. తరువాత దుకాణం కుర్రవాడిని వెంటబెట్టుకుని అదే వీధిలోని నగల దుకాణంలో యంత్రం కింద పెట్టించాను. వెండి 6 శాతం, మిగిలినది దాదాపు అంతా రాగి అని చూపింది. తిరిగి వచ్చి అడిగితే ఇది టెస్టెడ్ జరీ అని అప్పుడు ఒప్పుకుని 19,500 చేశారు.

మగ్గంగుంట: బుటాల గురించి అనుమానం అక్కర లేదు. చేతిమగ్గానికి బిగించిన జకార్డుతో వేసిన బుటాలకు కూడా పేక ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతుంది, వెనుక వదులుగా ఉన్న దారాలు కత్తిరిస్తారు. ప్రతి బుటాకు దారం చుట్టిన విడి కండె పెట్టి, దారం బుటా అంచు దగ్గరే వెనక్కి తిరిగి ఉంటే అది చేతిపని అని చెప్పవచ్చు, అలా లేకపోతే దేనికీ రుజువు కాదు. మీ చీర నేత నిజం, జరీ మాట అబద్ధం. టెస్టెడ్ జరీ అంటే వెండి పూసిన రాగి తీగ, అది నేరమేమీ కాదు, ఆ పేరుతో ఆ ధరకు అమ్మితే. 19,500 కూడా కొంచెం ఎక్కువే అని నా అభిప్రాయం, బేరమాడండి. కొంటే బిల్లు మీద చేనేత కుప్పడం, టెస్టెడ్ జరీ అని రాయించుకోండి.

చట్టంపక్షం: ఒకసారి అబద్ధమాడి దొరికిన దుకాణంలో మళ్లీ కొనమనడం నాకు నచ్చలేదు. చేనేత అన్న మాట కూడా ఆయన చెప్పినదే కదా.

లెక్కలమాస్టారు: ఆ మాట ఆయన చెప్పలేదండి, అంచు వెనుకవైపు చెప్పింది.

మధురవాడ పాఠకుడు: ఒక సందేహం. ఇప్పుడు చాలా మగ్గాలకు జకార్డు ఎత్తడానికి మోటారు పెడుతున్నారు, నాడె మాత్రం చేత్తో వేస్తారు. కుప్పడం మెలిక అందులోనూ వస్తుంది. దాన్ని చేనేత అనాలా, మరమగ్గం అనాలా?

మగ్గంగుంట: మెలిక చేత్తో వేసినప్పుడు, మోకాళ్లు అరిగిన నేతన్నకు మోటారు కాలిబలాన్ని ఆదా చేస్తే దాన్ని చేనేత కాదనడానికి నాకు నోరు రాదు.

చట్టంపక్షం: 1985 చట్టం దృష్టిలో విద్యుత్తుతో నడిచేది మరమగ్గమే. ఈ రోజు జకార్డుకు మోటారు ఒప్పుకుంటే రేపు నాడెకు కూడా పెడతారు, అప్పుడు చేనేత అన్న ధర ఎవరికి ఇవ్వాలి?

మగ్గంగుంట: నాడెకు పెట్టిన రోజున కుప్పడం అంచు వెనుక ఏం కనిపిస్తుందో చూసి అప్పుడు వాదిద్దాం. అమ్మా, మీరు మాత్రం బిల్లు సంగతి మరచిపోకండి.