వేడినీళ్లు, చన్నీళ్లు కలిపితే ఎంట్రోపీ నాకు రెట్టింపు ఎందుకు వచ్చింది?

నమస్కారం. చెన్నైలో వేళచ్చేరిలో ఉంటూ ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు సొంతంగా చదువుకుంటున్నాను. ఒక లెక్క దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను.

80 డిగ్రీల నీళ్లు ఒక కిలో, 20 డిగ్రీల నీళ్లు ఒక కిలో కలిపాం. బయటికి వేడి పోలేదనుకుంటే చివరికి 50 డిగ్రీలు. చేతులు మారిన వేడి 4186 × 30, అంటే 125580 జౌళ్లు. దాన్ని 293 కెల్విన్‌తో భాగించి, 353తో భాగించినది తీసేస్తే నాకు సుమారు 73 వచ్చింది. కానీ `ΔS = mc ln(T2/T1)` వాడితే వేడినీళ్లకు −371.8, చన్నీళ్లకు +408.0, మొత్తం 36 జౌళ్లు/కెల్విన్ మాత్రమే.

వేడి మారుతున్నంతసేపూ రెండింటి ఉష్ణోగ్రతలూ దగ్గరవుతుంటాయి కాబట్టి, మొదటి ఉష్ణోగ్రతలతోనే భాగించడం నా తప్పని అనుకుంటున్నాను. సగటు ఉష్ణోగ్రతలు 338, 308 పెట్టి చూస్తే మళ్లీ 36 దగ్గరికే వచ్చింది! ఇది ఎప్పుడూ పనిచేస్తుందా, తేడా 60 డిగ్రీలే కాబట్టి కుదిరిందా? ఇంకొకటి: కలపడం వెనక్కి తిప్పలేని చర్య కదా, దానికి నెమ్మదిగా సాగే ఊహా మార్గంలో లెక్క కట్టడం ఎలా చెల్లుతుంది? దయచేసి తెలిసినవారు వివరించగలరు.