మానేసేటప్పుడు హ్యాండోవర్ నోట్‌లో ఎంత వరకు రాయాలి?

మేడ్చల్ నవీన్: మేడ్చల్ దగ్గర సబ్బులు, షాంపూల గోదాములో సూపర్‌వైజర్‌ని. నెలాఖరుకి మానేస్తున్నా. ఓపెన్ ఆర్డర్లు, వెండర్ల నంబర్లు, సేఫ్టీ పనులు రాసి ఇవ్వమన్నారు. ఒక పేజీ ఇచ్చాను, మేనేజర్ చాలదంటున్నాడు. అంతా సిస్టమ్‌లో ఉన్నప్పుడు మళ్లీ ఎందుకు రాయాలి?

స్టోర్స్ సుజాత: నవీన్ గారూ, సిస్టమ్ చూసి తెలుసుకోగలిగేది వదిలేయండి. చూసినా అర్థం కానిది మాత్రం వివరంగా రాయండి. మా గోదాములో జరిగింది చెప్తాను. 400 పెట్టెల ఆర్డరు. బండిలో 250 వచ్చాయి, బిల్లు మాత్రం 400కి వచ్చింది. అప్పటి సూపర్‌వైజర్ 250కే సరుకు అందినట్టు జీఆర్‌ఎన్ చేసి, డెలివరీ కాపీ మీద "150 తక్కువ" అని రాసి డ్రైవర్‌తో సంతకం పెట్టించాడు. అంతవరకు పద్ధతిగానే చేశాడు. వెళ్లేటప్పుడు నోట్‌లో మాత్రం "పెండింగ్ 150" అని రాసి ఊరుకున్నాడు.

కొత్తగా వచ్చినతను అది ఇంకా బిల్లు కాని సరుకు అనుకున్నాడు. కొన్నాళ్లకు ఆ 150 పెట్టెలు కొత్త బిల్లుతో వస్తే దింపించుకుని జీఆర్‌ఎన్ చేసేశాడు. ఆర్డర్‌లో 150 మిగిలే ఉంది కాబట్టి సిస్టమ్ ఎక్కడా ఆపలేదు. మొదటి బిల్లుకి అకౌంట్స్ వాళ్లు అప్పటికే పూర్తిగా డబ్బు కట్టేశారు. పెట్టె 1,200 చొప్పున 1,80,000 రూపాయలు రెండోసారి వెళ్లింది. డ్రైవర్ సంతకం ఉన్న కాపీ తర్వాత పాత సూపర్‌వైజర్ సొరుగులో దొరికింది.

అందుకే పెండింగ్ అన్న ప్రతి చోటా మూడు అంకెలు పక్కపక్కన ఉండాలి: ఆర్డరు ఎంత, బిల్లు ఎంత, చేతికి వచ్చింది ఎంత. బిల్లు ఎక్కువ, సరుకు తక్కువ ఉంటే తక్కువైన సరుకు డబ్బు బిల్లులో తగ్గించే క్రెడిట్ నోట్ అడిగారా లేదా, సంతకం ఉన్న కాపీ ఏ ఫైల్లో ఉంది, అదీ రాయాలి.

లెక్కల రమణ: అది అకౌంట్స్ తప్పు. సూపర్‌వైజర్ నోట్ మీద ఎందుకు వేస్తారు? నవీన్ తమ్ముడూ, ఒక పేజీ చాలు. ముఖ్యంగా వెండర్ల సొంత ఫోన్ నంబర్లు ఇవ్వకు. అవి నువ్వు సంపాదించుకున్న పరిచయాలు. కంపెనీ మెయిల్ ఐడీ ఇచ్చేయ్, అంతే.

పటాన్‌చెరు బాబాయ్: ఆ 150 పెట్టెలకు కొత్త బిల్లు ఎందుకసలు? సరుకు రవాణాకి తీసుకున్న పాత ఈ-వే బిల్లు పొడిగించుకుంటే అయిపోయేది. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది, అయిపోతే పెంచుకోవచ్చు.

స్టోర్స్ సుజాత: రోజుకు 200 కిలోమీటర్లన్నది నిజమే బాబాయ్ గారూ. పొడిగింపు మాత్రం దారిలో ఆగిపోయిన సరుకుకి, అదీ గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపు. మా బండి సరుకు దింపేసి వెళ్లిపోయింది. మళ్లీ పంపే సరుకుకి మళ్లీ కాగితాలు కావాల్సిందే. క్రెడిట్ నోట్ ఇచ్చి కొత్త బిల్లు వేస్తారా, చలాన్ మీద పంపుతారా అన్నది రెండు వైపుల అకౌంట్స్ తేల్చుకోవాలి.

ప్యాలెట్ కుమార్: ఎవరి దగ్గరైనా ఎక్సెల్ ఫార్మాట్ ఉంటే పెట్టండి అన్నా.

స్టోర్స్ సుజాత: రమణ గారూ, నంబర్లు మీ పరిచయాలు ఎలా అవుతాయి? రాత్రి లోడుతో ఉన్న ఫోర్క్‌లిఫ్ట్ దారి మధ్యలో ఆగిపోతే సర్వీస్ కంపెనీ మెయిల్‌కి ఎవరు జవాబిస్తారు? ఏ పనికి ఎవరు ఫోన్ ఎత్తుతారో రాయాలి. సేల్స్ ప్రతినిధి ఆర్డర్ తీసుకుంటాడే గాని బండి ఎక్కడుందో చెప్పలేడు. అది వాళ్ల డిస్పాచ్ గుమాస్తాకే తెలుస్తుంది. హమాలీ మేస్త్రీతో నోటిమాటగా కుదిరిన దింపుడు కూలి ఎంత, ఏ ట్రాన్స్‌పోర్ట్ బండికి అది డ్రైవర్ ఇస్తాడు, ఏ బండికి మనం ఇస్తాం, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. లేకపోతే మొదటి రోజే గేటు దగ్గర గొడవ.

లెక్కల రమణ: వాళ్లను అడక్కుండా వాళ్ల సొంత నంబర్లు కాగితం మీద పెట్టడం తప్పు. ఇది నేను పదిసార్లయినా చెప్తాను.

స్టోర్స్ సుజాత: ఒక్క ఫోన్ చేసి "కొత్తతనికి మీ నంబర్ ఇస్తున్నా" అని చెప్పండి. అంతటితో అయిపోతుంది. మీరు నంబర్ల దగ్గరే ఆగిపోయారు, సేఫ్టీ గురించి ఒక్క ముక్క లేదు.

లెక్కల రమణ: సేఫ్టీయా? వినండి అయితే. ఒక కంపెనీలో మానేసేటప్పుడు మీలాగే నిజాయితీగా రాశాను. "మూడో వరస చివరి ర్యాక్ స్తంభం ఫోర్క్‌లిఫ్ట్ తగిలి వంగింది, ఖాళీ చేయించాను, రిపేరు కాలేదు" అని. ఆ నోటే నా ముందు పెట్టి "నీకు ముందే తెలుసు కదా, ఎందుకు చేయించలేదు" అన్నారు. రిపేరు కోసం నేను పెట్టిన మూడు మెయిళ్లు ఎవరికీ గుర్తుకు రాలేదు. మానేశాక రావాల్సిన ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ నెలల తరబడి ఆపి, చివరికి అందులో కోత వేశారు. ఆఫీసులో కూర్చుని నీతులు చెప్పడం తేలిక మేడమ్.

స్టోర్స్ సుజాత: ఆఫీసులో కూర్చోలేదండీ, పదకొండేళ్లుగా డాక్ మీదే ఉన్నాను. మీకు జరిగింది అన్యాయం. కానీ మీరు ఆ మాట రాయకుండా వెళ్లి ఉంటే? కట్టిన ఎర్ర టేపు ఊడిపోయేది. ఖాళీ చోటు కనిపించిందని ఎవరో దాని పై అంతస్తులో ప్యాలెట్లు ఎక్కించేవారు. కింద హమాలీలు తిరుగుతుంటారు. వాళ్ల ప్రాణం కంటే మీ సెటిల్‌మెంట్ ఎక్కువా?

లెక్కల రమణ: నా ఇద్దరు పిల్లల ఫీజులు ఆ సెటిల్‌మెంట్ మీదే ఆధారపడి ఉన్నాయి. ఎక్కువా తక్కువా అని నన్ను అడగొద్దు.

ప్యాలెట్ కుమార్: ఇద్దరూ శాంతించండి. నవీన్ అన్న ఏమంటాడో విందాం.

మేడ్చల్ నవీన్: రమణ అన్న చెప్పిందే నా భయం కూడా. నోట్ కింద "స్టాక్ మొత్తం సక్రమంగా అప్పగించాను, తేడా వస్తే బాధ్యత నాది" అన్న వాక్యానికి సంతకం అడుగుతున్నారు. మా సిస్టమ్ లెక్కకీ, అరల్లో ఉన్న సరుకుకీ ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. డ్యామేజ్ పెట్టెలు తీసేస్తారు గాని ఎంట్రీ వేయరు. అందుకే తక్కువ రాసి బయటపడాలనుకున్నా.

స్టోర్స్ సుజాత: ఈ మాట మొదటే చెప్పాల్సింది నవీన్ గారూ. ఆ వాక్యానికి ఇప్పుడున్నట్టు సంతకం పెట్టకండి. నోట్ వేరు, స్టాక్ అప్పగింత వేరు. స్టాక్‌కి ఒక రోజు ఇన్‌వర్డ్, డిస్పాచ్ ఆపించి, మీరూ కొత్తతనూ అకౌంట్స్ మనిషీ కలిసి లెక్కపెట్టాలి. డ్యామేజ్ సరుకు విడిగా లెక్కేసి, తేడా ఎంతుంటే అంత ఆ రోజు తేదీతో షీట్ మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టాలి.

సేఫ్టీలో రోజువారీ చెక్‌లిస్టు మళ్లీ కాపీ చేయొద్దు, అది గోడ మీద ఉంటుంది. ఈ రోజుకి మామూలుగా లేనివి రాయండి: వంగిన ర్యాక్, బ్రేకు ఆలస్యంగా పడుతున్న ఫోర్క్‌లిఫ్ట్, ముల్లు ఎర్రలోకి పడిపోయిన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. పక్కనే ఎవరికి ఏ తేదీన మెయిల్ పెట్టారో రాసి, ఆ మెయిల్ ప్రింట్ జతచేయండి. రమణ గారి విషయంలో లోటు అదే. నిజం రాసినందుకు కాదు, మెయిళ్లు నోట్‌తో పాటు లేనందుకు ఆయన ఇరుక్కున్నారు.

లెక్కల రమణ: మానేశాక కంపెనీ మెయిల్ మూసేస్తారు మేడమ్. ప్రింట్లు ఎక్కణ్నుంచి తెచ్చేది? నవీన్, ముందే తీసి పెట్టుకో. నోట్ అందిందని కొత్తతని సంతకం ఉన్న కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో. నంబర్ల విషయంలో నా మాట నాదే.

పటాన్‌చెరు బాబాయ్: బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ అయితే నీళ్లు చార్జింగ్ పూర్తయ్యాకే పోయాలని కూడా రాయి. మా దగ్గర కొత్త కుర్రాడు ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగి నేల మీద పడింది.

మేడ్చల్ నవీన్: ఆదివారం డిస్పాచ్ ఉండదు, ఆ రోజు కలిసి లెక్కపెడదామని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. అకౌంట్స్ వాళ్లను పంపలేమంటున్నాడు. ఓపెన్ ఆర్డర్లు మూడు అంకెలతో మళ్లీ రాస్తుంటే బిల్లు ఎక్కువ, సరుకు తక్కువ ఉన్నవి రెండు బయటపడ్డాయి. వాటి కాపీలు వెతుకుతున్నా.