“మురొక్‌మురొక్” అనాలా, “మురొంగ్‌మురొక్” అనాలా? కొరియన్ తొలి పుట్టినరోజు దీవెన గురించి

హైదరాబాదు సభ్యుడు: సువోన్‌లో నాతోపాటు మూడేళ్లు పనిచేసిన కొరియన్ మిత్రుడి పాపకు వచ్చే ఆదివారం ఏడాది నిండుతుంది. కార్డు మీద వాళ్ల భాషలోనే నాలుగు మాటలు రాయాలని కోరిక. అక్కడున్న రోజుల్లో ఇలాంటి వేడుకకే ఒకసారి వెళ్లినప్పుడు, ఒక పెద్దావిడ బిడ్డ అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకొని “కొన్‌గాంగ్‌హాగో మురొంగ్‌మురొక్ చారాగిల్” అన్నట్టు నా చెవిలో నిలిచిపోయింది. మొదటి మాట ఆరోగ్యంగా అని తెలుసు. కానీ నిఘంటువులో “మురొంగ్” ఎంత వెతికినా దొరకలేదు, “మురొక్‌మురొక్” మాత్రమే ఉంది. పైగా “గిల్” అంటే దారి అని చదువుకున్నాను. పాప ఎదగాలనే దీవెనలో దారి ఎందుకు వచ్చింది?

సియోల్ సభ్యురాలు: మీ చెవీ నిఘంటువూ రెండూ సరైనవే. రాసేటప్పుడు “మురొక్‌మురొక్” అనే రాయాలి. పలికేటప్పుడు ముందున్న కకారం తర్వాతి మకారం వల్ల ముక్కులోకి పోయి “మురొంగ్” అవుతుంది. కార్డు మీద విన్నట్టు రాస్తే తప్పు, వేడుకలో రాసినట్టు పలికితే ఎబ్బెట్టు.

విజయవాడ మాష్టారు: ఇందులో మనం ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. వాక్కు మయంతో కలిసి వాఙ్మయం అయినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. అయితే “గిల్” విషయంలో దారి అనే అర్థాన్ని అంత తేలిగ్గా కొట్టివేయకూడదని నా అభిప్రాయం. “నువ్వు పూలదారిలోనే నడవాలి” అని కొరియన్లు ఒకరినొకరు దీవించుకోవడం నేను చాలాచోట్ల చూశాను. పెద్దావిడ ఆ దీవెననే మొదలుపెట్టి సగంలో ఆపి ఉండవచ్చు కదా?

సియోల్ సభ్యురాలు: మాష్టారూ, పూలదారి దీవెన ఉన్న మాట నిజమే గాని ఈ వాక్యంలోని “గిల్” అది కాదు. “చారా” అంటే ఎదుగు, “గి” చేరితే ఎదగడం, దానికి ద్వితీయా విభక్తి కుదించుకొని “ల్”గా అంటుకుంటే ఎదగడాన్ని. ఆ తర్వాత “పారామ్నిదా”, అంటే కోరుకుంటున్నాను, అనే మాట రావాలి, దాన్ని మాటల్లో చాలాసార్లు మింగేస్తారు. మీరు చెప్పిన పూలదారి వాక్యంలోనైతే రెండు గిల్‌లూ ఉన్నాయి: పూలదారిలోని గిల్ దారి, నడవడాన్ని అనే మాట చివరి గిల్ ప్రత్యయం. తెలుగు లిపిలో రాసుకుంటే పూలదారీ, నడవడాన్నీ రెండూ “కొత్‌కిల్” లాగే కనిపిస్తాయి. కొరియన్ చెవికి మాత్రం మొదటి హల్లూ అచ్చూ రెండూ వేరు. మీ పొరపాటు అక్కడే మొదలై ఉంటుంది.

చెన్నై అనువాదకుడు: పూలదారి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. కిమ్ సొవోల్ (1902–1934) 1922లో ప్రచురించిన అజేలియా పూల కవితలో పూలు పరిచేది ఎవరి దారిలో? విడిచి వెళ్లిపోయే మనిషి దారిలో. నన్ను చూసి విసిగి వెళ్లేటప్పుడు ఆ పూలను మెల్లగా తొక్కుకుంటూ వెళ్లమని, నేను మాత్రం కన్నీరు పెట్టుకోనని చెప్పే ఆ స్వరం ఒకసారి మనసులో పడ్డాక, ఏడాది బిడ్డ దీవెనలో పూలదారి రాయడానికి నాకు చేయి రాదు. కొరియన్ బళ్లలో అందరూ చదివే కవిత అది.

సియోల్ సభ్యురాలు: ఆ కవిత నాకూ ప్రాణమే. అయినా పూలదారి దీవెన ఇటీవలి కాలంలో గాయనీ గాయకుల అభిమానుల నోట బాగా వ్యాపించింది. అది అంటున్నప్పుడు వియోగం ఎవరి మనసులోకీ రావడం నేను చూడలేదు.

చెన్నై అనువాదకుడు: మనసులోకి రాకపోవడం వేరు, మాటలో లేకపోవడం వేరు. ఈ విషయంలో నేను మారను.

అనంతపురం సభ్యురాలు: పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం వచ్చాక మా వీధిలోనూ కొన్నాళ్లు ఒక కొరియన్ కుటుంబం ఉండేది. వాళ్ల బాబుకు ఏడాది నిండిన రోజు తెల్లటి బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి చేసిన “పెక్‌సొల్గి”ని పళ్లెంలో పెట్టి పంపారు. మూత తీస్తే ఇంకా పొగలు వస్తున్నాయి. పళ్లెం కడిగి తిరిగి ఇవ్వబోతుంటే, కడగకుండా నూలుదారపు చిలప పెట్టి ఇవ్వాలని, అది బిడ్డ ఆయుష్షు కోసమని ఆ ఇంటావిడే తర్వాత నవ్వుతూ చెప్పింది. మా అన్నప్రాశనలో పుస్తకం, కలం, బంగారం పెట్టినట్టు వాళ్లూ బాబు ముందు దారం, కుంచె, డబ్బు, బియ్యం పెట్టారు. బాబు దారాన్నే పట్టుకున్నాడు. మీ మిత్రుడి పాప ఏది పట్టుకుంటుందో తెలిశాకే కార్డు రాయడం మంచిదేమో!

హైదరాబాదు సభ్యుడు: కార్డు ముందుగానే చేరాలండీ, తపాలా వెళ్లడానికే వారం పడుతుంది.

చెన్నై అనువాదకుడు: అనంతపురం అమ్మగారు తెలియకుండానే అసలు ప్రశ్నకు వచ్చారు. ఆవిరి పొగలు దట్టంగా పైకి లేవడాన్ని చెప్పేదీ “మురొక్‌మురొక్” అనే మాటే. బిడ్డ ఎదగడానికీ, కుండలోంచి ఆవిరి లేవడానికీ ఒకే ధ్వని. అందువల్ల దానికి తెలుగులో “ఆరోగ్యంగా పెరగాలి” అని చప్పగా రాయడం నాకు నచ్చదు.

విజయవాడ మాష్టారు: “ఏపుగా” అనండి.

చెన్నై అనువాదకుడు: ఏపుగా అన్నది పైరుకు ఇంపు. పసిబిడ్డకు వాడితే దిష్టి తీయమంటారు మా అమ్మ. “దినదిన ప్రవర్ధమానంగా” అంటే ఆశీర్వాదం అవుతుంది గాని ఆవిరి పోతుంది.

సియోల్ సభ్యురాలు: తెలుగు సంగతి మీరు తేల్చుకోండి, కార్డు మాత్రం ఇలా రాయండి:

చొత్తోల్ చుకాహమ్నిదా. కొన్‌గాంగ్‌హాగో మురొక్‌మురొక్ చారాగిల్ పారామ్నిదా. ఓన్ కాజోగి నుల్ హెంగ్‌బొకాషిగిల్ పారామ్నిదా.

మొదటిది తొలి పుట్టినరోజు శుభాకాంక్షలు, రెండోది పాపకు, మూడోది ఇంటిల్లిపాదీ ఎప్పుడూ సంతోషంగా ఉండాలని. రెండో వాక్యంలో “చారాగిల్” అన్నాం, మూడోదానిలో “హెంగ్‌బొకాషిగిల్” అన్నాం. మధ్యలో చేరిన “షి” గౌరవానికి. పెద్దవాళ్లున్న కుటుంబానికి అది ఉండాలి, పాపకు మాత్రం పెట్టకూడదు. పసిబిడ్డను “మీరు ఎదగండి” అన్నట్టు ఉంటుంది.

చెన్నై అనువాదకుడు: “చొత్తోల్” అని వినపడినా రాతలో “చొత్” అనే మాట పక్కన “దోల్” అనే మాట ఉంటుంది. పాత పుస్తకాల్లో ఆ దోల్ చివర లకారం పక్కన సకారం కూడా కనిపిస్తుంది. 1988 నాటి ప్రామాణిక భాషా నియమాల్లో ఆ రూపాన్ని తీసేశారు. మీ దగ్గర పాత కార్డులు ఉంటే చూసి కాపీ చేయకండి.

హైదరాబాదు సభ్యుడు: ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. ఆయన నాకంటే ఏడాది చిన్నవాడు, మేం ఒకరినొకరు చనువుగానే పిలుచుకునేవాళ్లం. ఆ “షి” పెడితే నేను దూరం జరిగినట్టు అనుకోడు గదా?

సియోల్ సభ్యురాలు: ఆయన ఒక్కడికే అయితే నేను తీసేసేదాన్ని. కానీ ఆ వాక్యం ఆయన అమ్మా నాన్నా కూడా చదువుతారు.

విజయవాడ మాష్టారు: తీసేయవద్దు. మనం కూడా చిన్నవాడికి ఉత్తరం రాస్తూ ఇంట్లో పెద్దల్ని “క్షేమంగా ఉన్నారని తలుస్తాను” అనే రాస్తాం.

చెన్నై అనువాదకుడు: అప్పుడు మిత్రుడి కోసం షి లేని వాక్యం ఒకటి వేరే రాయాలి. ఆయన్ని కుటుంబంలో కలిపేస్తే చనువు ఎక్కడ కనిపిస్తుంది?

హైదరాబాదు సభ్యుడు: ప్రస్తుతానికి షి పెట్టి రాశాను, పక్కన ఖాళీ ఉంచాను. కార్డుతోపాటు తెల్ల నూలు చిలప కూడా పెడుతున్నాను.